కంట్లో పురుగు, నెత్తుట్లో లెక్క: కామెరూన్ అడవిలో లోయాసిస్‌కు వైద్యం చేసిన అనుభవం

కామెరూన్ దక్షిణ అడవుల్లో కలప కోసే క్యాంపు, దాని పక్కనే పది మంచాల ఆసుపత్రి. అక్కడ ఒకే వారంలో ఇద్దరికి ఒకే జబ్బు తేలింది. ఒకరు కోనసీమ నుంచి వచ్చిన ఇంజనీరు, క్యాంపులో చేరి మూడేళ్లయింది. ఇంకొకరు ఆ పక్క ఊళ్లోనే పుట్టి పెరిగిన రంపం పనివాడు, నలభై దాటినవాడు. ఇంజనీరు తన కంటి తెల్లగుడ్డు మీద పురుగు పాకడం అద్దంలో చూసుకుని, చేతులు వణుకుతూ పరుగున వచ్చాడు. రంపం పనివాడికి ఏ బాధా లేదు. చూపు పోగొట్టే వేరే జబ్బు కోసం ఊళ్లో ఐవర్‌మెక్టిన్ మాత్రలు పంచబోతున్నారు, ముందు రక్తం చూపించుకోమని మేమే పిలిస్తే వచ్చాడు. ఇద్దరిలో ప్రాణాపాయం పొంచి ఉన్నది ఆ రెండో మనిషికి. లోయాసిస్ గురించి ఒక్క సంగతే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోవాలి. ఈ జబ్బులో కంటికి కనిపించే పురుగు భయపెడుతుంది గానీ చంపదు. చంపగలిగేది రక్తంలో ఈదే పిల్ల పురుగుల సంఖ్య, అదీ మనం మాత్ర వేసిన తర్వాత.

పురుగు పేరు లోవా లోవా. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుకు దగ్గరి చుట్టమే. అయితే దీన్ని మోసేది దోమ కాదు, క్రైసాప్స్ అనే ఈగ. మన పశువుల్ని కుట్టే జోరీగ కుటుంబానికే చెందింది. క్రైసాప్స్ సిలేసియా, క్రైసాప్స్ డిమిడియేటా అనే రెండు రకాలు ముఖ్యం. ఎర్రని పొట్ట ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లు ఫ్రెంచిలో దాన్ని ‘మూష్ రూజ్’ అంటారు, ఎర్ర ఈగ అని. అది చెట్ల కొమ్మల పైభాగంలో ఉంటుంది, పగటిపూటే దిగి వచ్చి కుడుతుంది. కదిలే మనిషి, కట్టెల పొగ, ఈ రెండూ దాన్ని కిందికి రప్పిస్తాయి. పొగ పెడితే దోమ పోతుందన్న మన అలవాటు ఇక్కడ తిరగబడుతుంది. మధ్యాహ్నం వంట కోసం మంట వేసిన చోటే ఈగలు ఎక్కువగా మూగుతాయి. దాని కాటు సూది గుచ్చినట్టు ఉండదు. చర్మాన్ని కోసి, ఊరిన నెత్తుటి బొట్టును తాగుతుంది కాబట్టి కుట్టగానే తెలుస్తుంది. ఆకులు కుళ్లిన బురదలో, నీడలో పారే వాగుల ఒడ్డున గుడ్లు పెడుతుంది. కలప క్యాంపులు కూడా సరిగ్గా అలాంటి చోటే వెలుస్తాయి.

జబ్బున్న మనిషి రక్తం తాగిన ఈగలో పిల్ల పురుగులు పది పన్నెండు రోజుల్లో ఎదిగి దాని నోటి దగ్గరకు చేరతాయి. ఆ ఈగ ఇంకొకరిని కుట్టినప్పుడు, కోసిన చర్మం గుండా లోపలికి దిగుతాయి. అవి పెద్ద పురుగులు కావడానికి దాదాపు ఐదారు నెలలు పడుతుంది. ఆడ పురుగు నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల పొడవు, అర మిల్లీమీటరు మందం ఉంటుంది. మగది మూడు సెంటీమీటర్ల పైచిలుకు. అవి చర్మం కింది పొరల్లో ఒక చోట ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. పదిహేనేళ్లకు పైగా బతికినవీ ఉన్నాయి. అలా తిరిగే దారిలో ఒక్కోసారి కంటి తెల్లపొర కిందుగా పోతాయి. ఇంజనీరు చూసింది ఆ ప్రయాణాన్నే.

ఆయన మొదటి మాట, “డాక్టరు గారూ, చూపు పోతుందా?” పోదు. పురుగు వెళ్లేది కంటి గుడ్డు పైనున్న పలుచని పొర కింద. కొన్ని నిమిషాల నుంచి ఒకటి రెండు రోజుల వరకు అక్కడ ఉండి, తనంతట తానే అవతలికి పోతుంది. మంట, నీరు కారడం, ఇసుక పడ్డట్టు గరగర తప్ప చూపుకు శాశ్వతమైన నష్టం ఉండదు. అడిగితే ఇంకో సంగతి చెప్పాడు. ఏడాదిగా ముంజేయి దగ్గర ఉన్నట్టుండి దురదతో వాపు వచ్చి, రెండు మూడు రోజులుండి, మందు లేకుండానే పోతోందట. చేయి నొక్కితే సొట్ట పడదు, ఎర్రబడదు, అంతగా నొప్పీ ఉండదు. దీన్ని కాలబార్ వాపు అంటారు, నైజీరియాలోని కాలబార్ ఊరి పేరు మీద. చర్మం కింద తిరిగే పురుగు మీద ఒంటి ప్రతిచర్య అది. మణికట్టు, మోచేయి, చీలమండ లాంటి కీళ్ల దగ్గరే ఎక్కువ. ఈ వాపు గురించి ఆయన ఇద్దరు ముగ్గురు డాక్టర్లకు చూపించి ఎలర్జీ మాత్రలు వాడాడు. మధ్య ఆఫ్రికాలో ఎన్నాళ్లున్నావని ఎవరూ అడగలేదు.

కంట్లోని పురుగును తీయాలా వద్దా అంటే, కనిపిస్తున్నంతసేపూ తీయవచ్చు, తీయకపోయినా ప్రమాదం లేదు. తీస్తే దొరికే లాభం, అది ఏ పురుగో కళ్లారా తేలిపోవడం. ఆలస్యం చేస్తే మాత్రం కుదరదు. ఆపరేషన్ గది సిద్ధం చేసేలోపు పురుగు కంటి వెనక్కి జారుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. అందుకే క్యాంపులో ట్రే ఎప్పుడూ సర్ది ఉంచేవాళ్లం. ముందు కంట్లో మొద్దుబార్చే ప్రొపరకెయిన్ చుక్కలు వేస్తాం. పురుగు మెలికలు తిరుగుతున్న చోట, పై పొరనూ పురుగునూ కలిపి పళ్లున్న ఫోర్సెప్స్‌తో పట్టుకోవాలి. అసలు కీలకం ఈ పట్టులోనే ఉంది. ముందు కోసి తర్వాత పట్టుకుందామంటే ఆ క్షణంలోనే అది జారిపోతుంది. పట్టు వదలకుండా, దాని కిందుగా కొద్దిగా లిగ్నోకెయిన్ ఎక్కిస్తే పురుగు మందగిస్తుంది. అప్పుడు పక్కన రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి, నునుపైన ఫోర్సెప్స్‌తో పురుగు వంపును బయటికి లాగుతాం. ఒక్కసారిగా గుంజితే తెగుతుంది. పట్టు మార్చుకుంటూ, తడి దారం లాగినట్టు, కొద్దికొద్దిగా రాబట్టాలి. ఆయన కంట్లోంచి వచ్చింది ఐదున్నర సెంటీమీటర్ల ఆడ పురుగు. సెలైన్ గిన్నెలో వేస్తే చాలాసేపు మెలికలు తిరుగుతూనే ఉంది. గాటుకు కుట్టు అక్కర్లేదు, వారం రోజులు యాంటీబయాటిక్ చుక్కలు చాలు.

ఇక్కడితో జబ్బు పోయిందనుకోవడమే పెద్ద పొరపాటు. ఒంట్లో ఇంకా ఎన్ని పురుగులున్నాయో తెలీదు. మందు వేయాల్సిందే. మందు వేయాలంటే ముందు రక్తంలో పిల్ల పురుగులను, అంటే మైక్రోఫైలేరియాలను, లెక్కపెట్టాలి. ఈ లెక్క లేకుండా ఇంజనీరుకైనా రంపం పనివాడికైనా ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు.

లెక్కకు మొదటి నియమం వేళ. మన దగ్గర బోదకాలు సర్వేకి రాత్రి ఎనిమిది దాటాక ఇంటింటికీ తిరిగి రక్తం తీస్తారు, ఆ పురుగు పిల్లలు రాత్రిళ్లే రక్తంలోకి వస్తాయి కాబట్టి. లోవా లోవా దానికి పూర్తిగా ఎదురు. ఈగ కుట్టేది పగలు కదా, వీటి పిల్లలూ పగలే పై రక్తంలోకి వస్తాయి, రాత్రి ఊపిరితిత్తుల రక్తనాళాల్లోకి చేరతాయి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా సంఖ్య గరిష్ఠంగా ఉంటుంది, నాలుగు దాటాక తీసిన రక్తాన్ని నేను నమ్మను. రంపం పనివాడి విషయంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపించింది. పని ముగించుకుని సాయంత్రం ఆరున్నరకు వచ్చాడు. కొత్తగా చేరిన టెక్నీషియన్ అప్పుడే రక్తం తీసి, స్లైడులో 340 లెక్కపెట్టాడు. మేం తీసేది యాభై మైక్రోలీటర్ల రక్తం, మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. కాబట్టి ఇరవైతో హెచ్చవేస్తే మిల్లీలీటరుకు 6,800. కాగితం మీద అది భయపడాల్సిన అంకె కాదు. స్లైడు మీద రాసిన వేళ చూసి, మర్నాడు పనికి పోకుండా పన్నెండింటికి రమ్మన్నాం. రెండు స్లైడులు తీశాం. ఒకదానిలో 1,712, ఇంకొకదానిలో 1,648. సగటు 1,680, అంటే మిల్లీలీటరుకు 33,600. ఆ సాయంత్రపు లెక్కనే నమ్మి ఉంటే ఏమయ్యేదో కింద చెబుతాను.

రక్తం తీసే పని చిన్నదే గానీ తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. ఉంగరపు వేలి పక్కభాగంలో లాన్సెట్‌తో గుచ్చి, మొదటి బొట్టు తుడిచేస్తాం. వేలిని పిండకూడదు. పిండితే కణజాలంలోని నీరు కలిసి రక్తం పలచబడి లెక్క తగ్గుతుంది. గీత గుర్తున్న గాజు గొట్టంలోకి రక్తం దానంతటదే ఎక్కాలి. మధ్యలో గాలి బుడగ వస్తే ఆ గొట్టం పారేసి మళ్లీ తీయాలి, ఎందుకంటే పది మైక్రోలీటర్లు తక్కువైతే లెక్క ఐదోవంతు తప్పుతుంది. ఆ రక్తం మొత్తాన్నీ స్లైడు మీద వదిలి దీర్ఘచతురస్రంగా పరుస్తాం. మరీ మందంగా పరిస్తే కడిగేటప్పుడు పెచ్చులూడిపోతుంది. ఆ పెచ్చుతో పాటు పురుగులూ పోతాయి, మనకు తెలియనే తెలియదు. అడవిలో ఇంకో బెడద చీమలు, బొద్దింకలు. రాత్రి ఆరబెట్టిన స్లైడు తెల్లారేసరికి సగం తినేసి ఉంటుంది. మూతున్న పెట్టెలో ఆరబెట్టడం తప్పనిసరి.

బాగా ఆరాక స్లైడును నీళ్లలో కొన్ని నిమిషాలుంచితే ఎర్రదనం వదులుతుంది. మళ్లీ ఆరబెట్టి, మెథనాల్‌తో స్థిరపరచి, జీమ్సా రంగు వేస్తాం. పది రెట్ల లెన్సు కింద ఒక మూల నుంచి మొదలెట్టి, పొలం దున్నినట్టు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, స్లైడు మొత్తం చూడాలి. నాలుగు చోట్ల చూసి సగటు కట్టడం పనికిరాదు, పురుగులు స్లైడంతా సమంగా పరుచుకోవు. చేతిలో నొక్కుడు లెక్కల యంత్రం ఉండాలి. వెయ్యి దాటిన స్లైడుకు గంట పైనే పడుతుంది. ఆ అలసటలో వరస తప్పితే మళ్లీ మొదటి నుంచే చూడాలి.

లెక్కపెట్టేది లోవా లోవాయేనా అన్నది కూడా చూసుకోవాలి. అక్కడి మనుషుల రక్తంలో మాన్సొనెల్లా పెర్‌స్టాన్స్ అనే ఇంకో పురుగు పిల్లలూ ఉంటాయి. అవి చిన్నవి, వాటికి పైతొడుగు ఉండదు, తోక మొద్దుగా ఉంటుంది. రోజంతా రక్తంలోనే ఉంటాయి. లోవా లోవా పిల్ల పెద్దది, పైతొడుగు ఉంటుంది. తోక సన్నబడుతూ పోయినా చివరి కొస దాకా కణకేంద్రకాల వరస కనిపిస్తుంది. బోదకాలు పురుగుకు ఆ తోక కొస ఖాళీగా ఉంటుంది. ఒక చిక్కుంది. జీమ్సా రంగులో లోవా లోవా పైతొడుగు రంగు పట్టదు, పురుగు చుట్టూ తెల్లని ఖాళీలా మాత్రమే తెలుస్తుంది. కొత్తవాళ్లు అందుకే తొడుగు లేదని రాసేస్తారు. అనుమానం వస్తే నలభై రెట్ల లెన్సుకు మారి తోక చూడాలి.

ఇంజనీరు రక్తం కూడా అదే మధ్యాహ్నం వేళలో తీశాం, వరసగా మూడు రోజులు. మూడింటిలోనూ ఒక్క పిల్ల పురుగూ లేదు. కానీ పురుగుల మీద, ఎలర్జీల్లో పెరిగే తెల్ల రక్తకణాలు, ఇయోసినోఫిల్స్, మైక్రోలీటరుకు 5,800 ఉన్నాయి, మామూలుగా ఐదువందలు దాటకూడదు. కంట్లో పురుగు ఉన్నా రక్తం ఖాళీగా ఉండటం వింత కాదు, బయటి నుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. వాళ్ల ఒళ్లు పురుగు మీద గట్టిగా తిరగబడుతుంది. అందుకే దురదలు, వాపులు, ఇయోసినోఫిల్స్ ఎక్కువ, రక్తంలో పిల్లలు తక్కువ. అక్కడే పుట్టినవాళ్ల ఒళ్లు చిన్నప్పటి నుంచి పురుగుకు అలవాటు పడి ఉంటుంది. వాళ్లలో కొందరి రక్తంలో వేలకు వేలు ఈదుతున్నా ఒక్క దురద కూడా ఉండదు. అందుకే బాధను బట్టి ప్రమాదాన్ని అంచనా వేయడం ఈ జబ్బులో కుదరదు.

ఇక రంపం పనివాడి 33,600 సంగతి. ఆంకోసెర్కియాసిస్ అనే జబ్బు, నల్ల ఈగల వల్ల వచ్చి చూపు పోగొట్టేది, అదే అడవుల్లో ఉంది. దానికి ఐవర్‌మెక్టిన్ ఏడాదికోసారి ఊరంతటికీ పంచుతారు. ఎత్తును బట్టి మూడు మిల్లీగ్రాముల మాత్రలు ఒకటి నుంచి నాలుగు దాకా. కోట్లాది మంది వేసుకున్న మంచి మందు అది. లోవా లోవా ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం అదే మందు మృత్యువు కాగలదు. ఐవర్‌మెక్టిన్ పిల్ల పురుగులను పక్షవాతం వచ్చినట్టు చచ్చుబరుస్తుంది. అప్పటిదాకా ఈదుతున్న వేలాది పురుగులు ఒకే రోజు కదలిక మానేసి, రక్తం ఎటు తోస్తే అటు పోతాయి. మెదడులోని సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, వాటి చుట్టూ వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు జరుగుతాయి. మిల్లీలీటరుకు 8,000 దాటితే జ్వరం, ఒళ్లు నొప్పుల లాంటి ప్రతిచర్య గట్టిగా వచ్చే అవకాశం పెరుగుతుంది. 30,000 దాటితే మనిషి మంచాన పడే ప్రమాదం ఉంటుంది. 50,000 పైన స్పృహ పోవడం, మరణం దాకా వెళ్లవచ్చు. ఈ హద్దులు గీసినట్టు ఖచ్చితంగా ఉండవు, ఒకదానిలోంచి ఇంకొకటిగా పెరుగుతూ పోతాయి. అందుకే ముప్పై వేలు దాటినవాణ్ణి యాభై వేలు దాటినవాడిలాగే చూస్తాం.

ఆ ప్రతిచర్య మాత్ర మింగిన గంటలోనే రాదు. మొదటి రోజు అలసట, తలనొప్పి, కీళ్ల నొప్పులు, జ్వరం. మామూలు జ్వరమే అనుకుని మనిషి ఇంట్లో పడుకుంటాడు. రెండో రోజుకో మూడో రోజుకో లేచి నిలబడలేడు, మాట తడబడుతుంది, అడిగింది అర్థం కాదు, బట్టల్లోనే మూత్రం పోతుంది. అప్పుడు కింది కనురెప్ప తిప్పి చూడాలి. లోపలి పొర మీద ఎర్రని చుక్కల్లా నెత్తురు కనిపిస్తే మెదడులోనూ అలాంటిదే జరుగుతోందని అనుమానించాలి. అలాంటివాళ్లకు ఈ ప్రతిచర్యను వెనక్కి తిప్పే మందు లేదు. స్టీరాయిడ్లతో మేలు జరుగుతుందని రుజువు కాలేదు, అందుకే వాటి జోలికి పోము. చేయగలిగింది ఒళ్లు దగ్గర పెట్టుకుని సేవ చేయడం. నీళ్లు, లవణాలు తగ్గకుండా చూడాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పుండ్లు పడకుండా కాపాడాలి. గొంతులో ఆహారం పోసి ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడదు. చాలామంది ప్రాణం తీసేది మెదడు దెబ్బ ఒక్కటే కాదు, తర్వాత వచ్చే న్యుమోనియా, పడకపుండ్ల చీము కూడా. ఈ సేవ సరిగ్గా అందితే కోమాలోకి పోయినవాళ్లూ తిరిగి లేచి నడిచిన సందర్భాలున్నాయి. ఊళ్లో నాటు వైద్యానికి తీసుకెళ్లి, నోట్లో పసర్లు పోసిన వాళ్లలో తిరిగి లేచేవాళ్లు తక్కువ. అందుకే మాత్రలు పంచిన తర్వాత వారం రోజులు, ముఖ్యంగా మొదటి మూడు రోజులు, ఇంటింటికీ తిరిగి ఎవరు పనికి పోలేదో అడగడం కూడా వైద్యంలో భాగమే.

కామెరూన్ రాజధాని యావుండే దగ్గరి ఒకోలా జిల్లాలో 1999లో ఇలాంటి తీవ్రమైన ప్రతిచర్యలు వచ్చి మందు పంపిణీ ఆగిపోయింది. అదే జిల్లాలో 2015లో వేరే దారి పట్టారు. ఫోనుకు చిన్న మైక్రోస్కోప్ బిగించిన లోవాస్కోప్ అనే పరికరంతో, వేలి నుంచి తీసిన రక్తంలో పురుగుల కదలికను వీడియోలో పట్టి, రెండు మూడు నిమిషాల్లో లెక్క తేల్చారు. రంగు వేయడం, ఆరబెట్టడం ఏమీ అక్కర్లేదు. బతికున్న పురుగు ఎర్ర కణాలను చెదరగొట్టడాన్ని యంత్రం లెక్కపెడుతుంది. మిల్లీలీటరుకు 20,000 దాటినవాళ్లకు మందు ఇవ్వకుండా, గర్భిణులు, ఒంట్లో బాగోలేనివాళ్లు తప్ప మిగతా అందరికీ ఇచ్చారు. పరీక్ష చేసిన 16,259 మందిలో అలా పక్కన పెట్టాల్సి వచ్చింది 340 మందినే. మందు వేసుకున్న 15,522 మందిలో ఒక్కరికీ తీవ్రమైన ప్రతిచర్య రాలేదు. నూటికి ఇద్దరిని గుర్తుపట్టడం కోసం ఊరంతా వేలు గుచ్చుకోవాలా అని అడిగేవాళ్లకు నేను ఈ అంకెలే చెబుతాను.

రంపం పనివాడికి ఐవర్‌మెక్టిన్ ఇవ్వలేదు. సాయంత్రపు 6,800 ను నమ్మి ఉంటే నాలుగు మాత్రలూ చేతిలో పెట్టేవాళ్లం. అతని తుంటి చర్మం నుంచి రెండు చిన్న ముక్కలు, బియ్యపు గింజలో సగమంత, తీసి సెలైన్‌లో ఉంచితే ఆంకోసెర్కియాసిస్ తెచ్చే ఆంకోసెర్కా పురుగు పిల్లలు కనిపించాయి. అంటే ఆ జబ్బుకు వైద్యం అవసరమే. దానికి వేరే మందు ఉంది, డాక్సీసైక్లిన్, రోజుకు 100 మిల్లీగ్రాములు, ఆరు వారాలు. ఆంకోసెర్కా పురుగు లోపల వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది, పురుగుకు అది లేనిదే గడవదు. డాక్సీసైక్లిన్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. లోవా లోవాలో వోల్బాకియా లేదు కాబట్టి ఈ మందు దాన్ని తాకదు, పిల్ల పురుగులు ఒక్కసారిగా చావవు, ప్రతిచర్య రాదు. భోజనం తర్వాత నిండుగా నీళ్లతో మింగి, అరగంట పడుకోకూడదని చెప్పాలి, లేదంటే గొంతులో పుండు పడుతుంది. ఎండలో పనిచేసేవాడు కాబట్టి చర్మం కమిలే అవకాశం ఉందని పొడుగు చేతుల చొక్కా వేసుకోమన్నాం, ఈగ నుంచి కూడా అదే కాస్త రక్ష.

లోవా లోవా లెక్కను తగ్గించడానికి ఆల్బెండజోల్ మొదలెట్టాం, 200 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 21 రోజులు, నూనె ఉన్న భోజనంతో. కొవ్వు లేకపోతే అది ఒంటికి సరిగ్గా పట్టదు. ఇది రక్తంలో ఉన్న పిల్లలను చంపదు, పెద్ద పురుగుల సంతానాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఫలితం నెమ్మది, ఆ నెమ్మదే ఇక్కడ క్షేమం. మూడు నెలలకు మధ్యాహ్నపు స్లైడులో 770 వచ్చాయి, అంటే 15,400. ఆరు నెలలకు 360, అంటే 7,200. అక్కడే బతికే మనిషికి మళ్లీ ఈగ కుట్టడం ఖాయం కాబట్టి, పురుగును పూర్తిగా చంపే మందు జోలికి పోలేదు. ఏడాదికోసారి పన్నెండింటికి లెక్క చూడటం, ఆ లెక్క మందుల పంపిణీ పుస్తకంలో అతని పేరు పక్కన రాయడం, అంతవరకే.

ఇంజనీరు కాంట్రాక్టు ముగిసి ఇంటికి పోతున్నాడు. ఆయనకు పురుగును చంపే మందు డీఈసీ వేయొచ్చు, మన దగ్గర బోదకాలుకు ఇచ్చే మాత్రే అది. అయితే ముందు రెండు తలుపులు మూయాలి. ఒకటి, లెక్క 8,000 లోపు ఉండాలి. ఆయనది సున్నా. రెండు, ఆంకోసెర్కియాసిస్ ఉండకూడదు. ఉంటే డీఈసీ వల్ల చర్మం మీద భయంకరమైన దురద ప్రతిచర్యతో పాటు చూపుకే ముప్పు. ఆయన చర్మపు ముక్కల్లో ఏమీ రాలేదు. బరువు 66 కిలోలు, కిలోకు 9 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు దాదాపు 600 మిల్లీగ్రాములు, మూడు పూటలుగా. లెక్క సున్నా అయినా మెల్లగానే మొదలెట్టాం. మొదటి రోజు 50 ఒక్కసారి, రెండో రోజు 50 మూడుసార్లు, మూడో రోజు 100 మూడుసార్లు, నాలుగో రోజు నుంచి 200 మూడుసార్లు, మొత్తం 21 రోజులు. మొదటి వారం ఆసుపత్రిలోనే ఉంచాం. ఐదో రోజున భుజం మీద, తొడ మీద ఎర్రగా దద్దుర్లలాంటి చిన్న గడ్డలు వచ్చాయి. చర్మం కింద చచ్చిన పురుగులు చుట్టుకుని ఉన్న చోట్లవి. మందు పడలేదని ఆయన కంగారుపడ్డాడు గానీ అది పనిచేస్తోందనడానికి గుర్తు. దురదకు యాంటీహిస్టమిన్ సరిపోయింది.

ఒక్క కోర్సుతో అందరికీ పోదు. ఆరు నెలలకు, ఏడాదికి ఇయోసినోఫిల్స్ చూసుకుని, వాపులు తిరిగొస్తే రెండోసారి, ఒక్కోసారి మూడోసారి కూడా వేయాల్సి వస్తుంది. ఆయన స్థానంలో క్యాంపుకు వచ్చిన కొత్త ఇంజనీరుకు, లెక్కా చర్మమూ చూశాక, వారానికోసారి 300 మిల్లీగ్రాముల డీఈసీ మొదలెట్టాం. అక్కడ ఉన్నన్నాళ్లూ అలా వేసుకుంటే జబ్బు రాకుండా ఆపుతుంది.

ఇంటికి వచ్చాక ఇంకో ముప్పు ఉంది, అందుకే ఇదంతా తెలుగులో రాస్తున్నాను. మధ్య ఆఫ్రికాలో కామెరూన్, గబాన్, కాంగో, ఈక్వటోరియల్ గినియా అడవుల్లో కలప పనుల్లో, రోడ్ల పనుల్లో, నూనె క్షేత్రాల్లో ఏళ్ల తరబడి ఉండి వచ్చిన మనవాళ్లున్నారు. ఇక్కడ ఫైలేరియా మాత్రల రోజున పెద్దవాళ్ల చేత మూడు డీఈసీ మాత్రలు, ఒక ఆల్బెండజోల్ అక్కడికక్కడే మింగిస్తారు. దేశంలో కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలుపుతున్నారు. మనవాళ్లకు అది క్షేమమే, ఎందుకంటే లోవా లోవా ఇక్కడ లేదు. పదేళ్లు అడవిలో ఉండి వచ్చి, రక్తంలో ముప్పై వేలతో తిరుగుతున్న మనిషికి మాత్రం ఆ గుప్పెడు మాత్రలే ప్రాణాంతకం కావచ్చు. పైగా బోదకాలుకు చేసే వేలి రక్తపు స్ట్రిప్ పరీక్ష లోవా లోవా ఎక్కువగా ఉన్నవాళ్లలో కూడా పాజిటివ్ చూపిస్తుంది. ఆ గీత చూసి బోదకాలు అనుకుని డీఈసీ రాసేస్తారు. రాత్రి రక్తం తీసి చూసినా ఏమీ కనిపించదు, ఈ పురుగు రాత్రి దొరకదు కదా.

ఇంజనీరు వెళ్లేటప్పుడు పర్సులో పట్టే చిన్న కార్డు రాసిచ్చాను. ‘లోయాసిస్. మధ్య ఆఫ్రికాలో మూడేళ్లు. డీఈసీ ఒక కోర్సు అయింది. డీఈసీ గానీ ఐవర్‌మెక్టిన్ గానీ ఇచ్చే ముందు, ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు మధ్య వేలి రక్తం 50 మైక్రోలీటర్లు తీసి, స్లైడు మొత్తం లెక్కపెట్టి, ఇరవైతో హెచ్చవేసి చూడండి.’ ఊళ్లో ఏఎన్‌ఎమ్ అమ్మ మాత్రలు పట్టుకొచ్చినప్పుడు మొహమాటపడకుండా ఆమెకు ఈ కార్డే చూపించమన్నాను.